చక్రాల కుర్చీ తిరిగే బాత్రూం: చిన్న ఇంట్లో కొలతలు ఎలా కుదుర్చుకోవాలి

బావిలో పైకప్పు కూలి వెన్నెముక దెబ్బతిన్నవారు, పక్షవాతం వచ్చినవారు, షుగర్ వల్ల కాలు తీయించుకున్నవారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మొదట ఎదురయ్యే అడ్డంకి బాత్రూం. మంచం హాల్లోకి మార్చుకోవచ్చు. వాకిట్లో మెట్ల పక్కన ర్యాంపు వేయించుకోవచ్చు. బాత్రూం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కుర్చీ తలుపు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇద్దరు మనుషులు ఎత్తి తీసుకెళ్లాలి. రోజుకు నాలుగైదు సార్లు, ఫజర్‌కు ముందు ఒకసారి.

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో చాలా ఇళ్లు చిన్నవి. అందుకే "మా ఇంట్లో అంత జాగా లేదు" అని ముందే వదిలేస్తారు. నిజానికి పెద్ద గది అవసరం లేదు. స్నానం చేసే చోట గట్టు లేకుండా, బేసిన్ కింద ఖాళీగా ఉంటే ఒకే నేల మూడు పనులకు వస్తుంది: కుర్చీ తిరగడానికి, స్నానానికి, బేసిన్ ముందు కూర్చోవడానికి. కింది కొలతలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. మేస్త్రీలు వాడేది అడుగులు, అంగుళాలే కాబట్టి ఇక్కడా అవే రాస్తున్నాం.

ముందు కుర్చీని కొలవండి

టేపు పట్టుకుని గదిలోకి వెళ్లకండి, ముందు కుర్చీ దగ్గరికి వెళ్లండి. మనిషి కుర్చీలో కూర్చుని ఉండగా నాలుగు కొలతలు తీసుకోవాలి. మొదటిది వెడల్పు, చేత్తో తిప్పే బయటి రింగు నుంచి అవతలి రింగు దాకా. రెండోది పొడవు, వెనక చక్రం నుంచి కాలి బొటనవేలి దాకా (ఫుట్‌రెస్ట్ దాకా కొలిచి ఆపేయకూడదు, వేళ్లు దాని ముందుకు వస్తాయి). మూడోది నేల నుంచి మోకాలి పైభాగం దాకా ఎత్తు. నాలుగోది నేల నుంచి సీటు దాకా ఎత్తు, మెత్త వేసి మనిషి కూర్చున్నాక.

మన దగ్గర ఎక్కువగా కనిపించే మడత కుర్చీ వెడల్పు సుమారు 26 అంగుళాలు, పొడవు కాళ్లతో కలిపి 42 నుంచి 48 అంగుళాలు. మీ కుర్చీ వేరే అయితే మీ కొలతే తీసుకోండి. బ్యాటరీ కుర్చీలకు ఇంకొంచెం ఎక్కువ కావాలి.

తలుపు: చౌకట్టు కొలత వేరు, దారి కొలత వేరు

బాత్రూం తలుపు "రెండున్నర అడుగులు" అంటారు. అది చౌకట్టు బయటి కొలత. 30 అంగుళాల చౌకట్టులో రెండు పక్కల కట్టెలు చెరి రెండున్నర అంగుళాలు పోతాయి. తలుపు తెరిచి నిలబెట్టినప్పుడు దాని మందం కూడా ముప్పావు అంగుళం దాకా లోపలికి వస్తుంది. మిగిలేది 24 అంగుళాల పైచిలుకు. 26 అంగుళాల కుర్చీ అందులో ఎలా పడుతుంది?

కాబట్టి తలుపును నిటారుగా తెరిచి, తలుపు లోపలి ముఖం నుంచి ఎదుటి చౌకట్టు దాకా కొలవండి. అదే అసలు దారి. కుర్చీకి 26, రెండు వైపులా వేళ్లు గీసుకోకుండా రెండేసి అంగుళాలు, మొత్తం 30. ఎదురుగా సూటిగా వచ్చి దూరేవారికి 32 అంగుళాల దారి ఉంటే నడుస్తుంది. కానీ ఇళ్లలో సూటిగా రావడం అరుదు. సన్నటి వరండాలోంచి పక్కకు తిరిగి దూరాల్సి వస్తుంది. అప్పుడు 36 అంగుళాలు కావాలి. 36 దారి రావాలంటే చౌకట్టు బయటి కొలత 42 అంగుళాలు, అంటే మూడున్నర అడుగులు. వడ్రంగికి ఈ అంకెే చెప్పండి. "మూడు అడుగుల తలుపు" అంటే అతను 36 చౌకట్టు చేసి తెస్తాడు, దారి 30 దగ్గర ఆగిపోతుంది. ఈ పనిలో మాట తేడా వల్ల ఎక్కువగా చెడేది ఇదే.

తలుపు బయటికే తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు ముందుగా గదిలో జాగా తింటుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, లోపల మనిషి పడిపోతే తలుపుకు అడ్డంగా పడతాడు, బయటివారు తోసినా తెరుచుకోదు. లోపలి గడియ కూడా బయటి నుంచి తీయగలిగేది పెట్టించండి.

వరండా సన్నగా ఉండి బయటికి తెరవడానికి వీల్లేకపోతే, గోడకు బయటి వైపు పైన పట్టాకు వేలాడే జారుడు తలుపు మేలు. కింద పట్టా వద్దు, చిన్న ముందు చక్రం అందులో ఇరుక్కుంటుంది. జారుడు తలుపుకు పక్కన సందు మిగులుతుంది, పరదా ఉండదని ఇంట్లో ఆడవాళ్లు ఇబ్బంది పడతారు. తలుపును దారి కన్నా రెండు వైపులా రెండేసి అంగుళాలు వెడల్పుగా చేయిస్తే ఆ సమస్య పోతుంది.

ఇక గడప. బాత్రూం నేల రెండు మూడు అంగుళాలు కిందికి ఉండటం మన ఇళ్లలో మామూలే. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి, అర అంగుళం దాటిన ఏ గట్టుకైనా తట్టుకుని ఆగిపోతాయి, కొన్నిసార్లు మనిషి ముందుకు పడతాడు. తలుపు దగ్గర లోపలి నేల, బయటి నేల ఒకే మట్టంలో ఉండాలి.

అయిదు అడుగుల వృత్తం

కుర్చీ ఒక చోట పూర్తిగా వెనక్కి తిరగడానికి అయిదు అడుగుల వృత్తం కావాలి. మిల్లీమీటర్లలో దాదాపు 1500. ఈ అంకె ఊరికే వచ్చింది కాదు. అమెరికాలో 1961లో వచ్చిన మొదటి ప్రమాణంలోనే 60 అంగుళాలు అని ఉంది, ఆ తర్వాత చాలా దేశాలు అదే దారిలో వెళ్లాయి. మన దగ్గర 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక, కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి ముఖ్యంగా ప్రజలు వచ్చే భవనాల కోసం. మన ఇంట్లో ఎవరూ వచ్చి తనిఖీ చేయరు, కానీ కొలతలు పనికొస్తాయి.

వరండాలోనో వాకిట్లోనో సుద్దముక్కతో అయిదు అడుగుల వృత్తం గీసి, అందులో కుర్చీని తిప్పి చూడండి. కొత్తగా కుర్చీ ఎక్కినవారికి మొదట్లో కాళ్లు గీత దాటుతాయి. కాళ్లు చాచి ఉంచాల్సినవారికి ఎప్పటికీ దాటుతాయి, వాళ్లకు అయిదున్నర అడుగులు లెక్క వేసుకోండి.

ఈ వృత్తంలోకి ఏది రావచ్చు, ఏది రాకూడదు అన్నది అసలు కిటుకు. కమోడ్ రాకూడదు. బకెట్లు, నీళ్ల డ్రమ్ము, వాషింగ్ మెషీన్ రాకూడదు. స్నానం చేసే నేల రావచ్చు, అక్కడ గట్టు లేకపోతేనే. బేసిన్ అంచు కూడా కొంత రావచ్చు, దాని కింద మోకాళ్లు పోయే ఖాళీ ఉంటేనే.

మన ఇళ్లలో వృత్తాన్ని మింగేది సిమెంటు తొట్టి. నీళ్లు గంటల లెక్కన వచ్చే చోట తొట్టి లేకుండా ఎలా అని అడుగుతారు. తొట్టి తీసేసి పైన ట్యాంకు పెట్టించడం తప్ప దారి లేదు. లేదా తొట్టిని గోడ అవతలికి మార్చి, కుళాయి మాత్రం లోపలికి తీసుకోవాలి. తొట్టి ఉంచి మిగతావన్నీ సర్దుదామంటే కుదరదు.

ఒక ఇంటి లెక్క

లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. లెట్రిన్, బాత్రూం పక్కపక్కన ఉన్నాయి. రెండూ లోపల ఆరు అడుగుల లోతు. లెట్రిన్ మూడు అడుగుల వెడల్పు, బాత్రూం నాలుగున్నర అడుగులు, మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ. లెట్రిన్ పడమర వైపు, బాత్రూం తూర్పు వైపు, తలుపులు రెండూ దక్షిణాన వరండాలోకి. విడివిడిగా చూస్తే దేంట్లోనూ కుర్చీ తిరగదు.

మధ్య గోడ తీసేస్తే పడమర నుంచి తూర్పుకు 94 అంగుళాల పైన, ఉత్తరం నుంచి దక్షిణానికి 72 అంగుళాలు వస్తుంది. అంటే ఏడు అడుగుల పది అంగుళాలు, ఆరు అడుగులు. గోడ తీసే ముందు పైన స్లాబు దాని మీద ఆని ఉందా లేదా అని ఇంజినీరుకు చూపించాలి. నాలుగున్నర అంగుళాల గోడ సాధారణంగా అడ్డుగోడే, కానీ పాత ఇళ్లలో నమ్మలేం. కంపెనీ క్వార్టర్ అయితే గోడ మనది కాదు. ఏరియా సివిల్ విభాగానికి అర్జీ పెట్టి, రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే సుత్తి ఎత్తాలి. అర్జీతో పాటు వైకల్య సర్టిఫికెట్, చిన్న కొలతల బొమ్మ జతచేయండి.

కమోడ్‌ను పాత లెట్రిన్ బేసిన్ ఉన్న వరుసలోనే, ఉత్తరం గోడకు ఆనించి పెడదాం. మూడు అడుగుల లెట్రిన్‌లో మధ్య గీత పడమర గోడకు 18 అంగుళాల దూరంలో ఉంటుంది. పక్క గోడకు పట్టుకునే రాడ్ పెట్టడానికి కావాల్సిన దూరమూ సరిగ్గా అంతే. మల పైపును పెద్దగా కదిలించాల్సిన పని ఉండదు, ఖర్చు అక్కడే మిగులుతుంది. కూర్చున్న మనిషి దక్షిణం వైపు చూస్తాడు. గోదావరిఖని నుంచి ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది, కాబట్టి ముఖం గానీ వీపు గానీ అటు రాదు. కమోడ్ దిశ తర్వాత మార్చడం అంటే నేల అంతా మళ్లీ పగలగొట్టడమే, ఇది మొదటి రోజే తేల్చుకోండి.

కమోడ్ మొత్తం పొడవు 28 అంగుళాలు అనుకుంటే, వెడల్పు 18. పడమర గోడ నుంచి చూస్తే దాని తూర్పు అంచు 27 అంగుళాల దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి తూర్పు గోడ దాకా 67 అంగుళాలు ఖాళీ. అయిదు అడుగుల వృత్తం అందులో హాయిగా కూర్చుంటుంది, పైగా ఏడు అంగుళాలు మిగులు.

కొత్త తలుపు దక్షిణం గోడలో, పడమర మూల నుంచి 20 అంగుళాలు వదిలి 62 దాకా. కుర్చీ లోపలికి వచ్చి, తూర్పు వైపు వృత్తంలో తిరిగి, వెనక్కి జరిగి కమోడ్ పక్కన నిలుస్తుంది. అప్పుడు కమోడ్ మనిషికి కుడి వైపు వస్తుంది. పడమర గోడ రాడ్ కూడా కుడి చేతికే. కుడి వైపు పక్షవాతం ఉన్నవారికి ఈ బొమ్మ పనికిరాదు, అద్దంలో చూసినట్టు తిప్పేయాలి. ఏ చేయి బలంగా ఉందో ముందు అడగకుండా గీసిన ప్లాను ఎంత అందంగా ఉన్నా వృథానే.

ఇక్కడ మామూలు పుస్తకాల్లో కనిపించని సంగతి ఒకటి ఉంది. మనవాళ్లు ఎడమ చేత్తో కడుక్కుంటారు, కుడి చేత్తో నీళ్లు పట్టుకుంటారు. రెండు చేతులూ పనిలో ఉంటే రాడ్ పట్టుకునేదెవరు? నడుము బలం లేని మనిషి ముందుకో పక్కకో ఒరిగిపోతాడు. అందుకే జెట్ స్ప్రే కుడి చేతికి అందేలా పడమర గోడకు, వీపు ఆనుకోవడానికి కమోడ్ వెనక గట్టి దిండు లేదా పలక, ఎడమ వైపు ఉత్తరం గోడ నుంచి కిందికి దించే మడత రాడ్ పెట్టాలి. ఒరిగితే మోచేయి దాని మీద ఆగుతుంది. కుర్చీ పక్కకు వచ్చేటప్పుడు దాన్ని పైకి ఎత్తేయొచ్చు.

కమోడ్ సీటు ఎత్తు, కుర్చీ సీటు ఎత్తు సమానంగా ఉండాలి. మార్కెట్లో దొరికే కమోడ్లు 15, 16 అంగుళాలు ఉంటాయి, కుర్చీ 19 దాకా ఉంటుంది. కింద సిమెంటు దిమ్మె కట్టి ఎత్తు పెంచొచ్చు, కానీ దిమ్మె కమోడ్ పాదం కన్నా బయటికి రాకూడదు. వస్తే కుర్చీ ఫుట్‌రెస్ట్ దానికే తగిలి దూరంగా ఆగిపోతుంది.

గట్టు లేని స్నానం

ఈ ఇంట్లో స్నానం తూర్పు గోడ వెంట, మూడు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు. కుర్చీతోనే లోపలికి పోయే షవర్‌కు కనీసం రెండున్నర అడుగులు, అయిదు అడుగులు కావాలి, కాబట్టి ఇది సరిపోతుంది. గట్టు కట్టనప్పుడు నీళ్లు తలుపు వైపు రాకుండా ఆపేది వాలు ఒక్కటే.

వాలు అడుగుకు పావు అంగుళం, అంతకు మించొద్దు. మూడు అడుగులకు ముప్పావు అంగుళం. మిగతా గది నేలకు అందులో సగం వాలు చాలు. అన్నీ కలిపి తూర్పు గోడ దగ్గర నేల తలుపు దగ్గరికన్నా సుమారు అంగుళంపావు కిందికి ఉంటుంది. పాత బాత్రూం నేల ఎలాగూ రెండు మూడు అంగుళాలు కిందికే ఉంది కదా. దాన్ని పూర్తిగా నింపేయకుండా, తలుపు దగ్గర మట్టం కలిపి తూర్పుకు వదిలేస్తే సరి.

మేస్త్రీలు అలవాటుగా గది మధ్యలోనో మూలలోనో నహానీ ట్రాప్ పెట్టి నాలుగు వైపుల నుంచి దానికి వాలు ఇస్తారు. నిలబడేవారికి తెలియదు. కుర్చీ మాత్రం గిన్నెలో పడ్డట్టు ట్రాప్ వైపు జారుతుంది, ఒక చక్రం గాల్లో ఉంటుంది. వాలు ఒకే దిశలో, తూర్పు గోడ వెంట పొడవాటి జాలీ కాలువలోకి ఉండాలి. పరీక్ష సులువు: ఖాళీ కుర్చీని బ్రేకు తీసి వదలండి, దానంతట అది కదిలితే వాలు ఎక్కువైంది. తలుపు దగ్గర ఒక బకెట్ నీళ్లు పోయండి, పది నిమిషాల తర్వాత ఎక్కడ నీళ్లు నిలిచాయో అక్కడ వాలు తక్కువైంది. రెండు పరీక్షలూ టైల్స్ అతికించక ముందు, సిమెంటు నేల మీదే చేయాలి. టైల్స్ చిన్నవి, గరుకువి వాడండి. నిగనిగలాడే టైల్ మీద సబ్బు నీళ్లు పడితే చక్రం జారుతుంది, తోసేవారి కాలూ జారుతుంది.

తూర్పు గోడకు హ్యాండ్ షవర్, కూర్చున్నవారి చేతికి అందేలా నేల నుంచి మూడు, మూడున్నర అడుగుల ఎత్తులో. పాదాలు కడగడానికి, వజూ పూర్తి చేయడానికి కూడా ఇదే సౌకర్యం. బేసిన్ దగ్గర చేతులు, ముఖం అవుతాయి గానీ కాళ్లు కుదరదు.

మన ఎండల సంగతి తెలిసిందే. మే నెల మధ్యాహ్నం పైన ట్యాంకులోని నీళ్లు, ఎండకు పడి ఉన్న పైపుల్లోని నీళ్లు చర్మం కాలేంత వేడిగా వస్తాయి. వెన్నెముక దెబ్బతిన్నవారికి కాళ్లలో స్పర్శ ఉండదు, కాలుతున్నట్టు తెలియదు. బొబ్బ వచ్చాక చూసుకుంటారు, ఆ పుండు నెలల తరబడి మానదు. గీజర్ వేడి కన్నా ఈ నీళ్లే ఎక్కువ మోసం చేస్తాయి, ఎందుకంటే తిప్పింది చల్లనీళ్ల కుళాయే. ముందు స్పర్శ ఉన్న చేతి మీద పోసుకోవాలి, ట్యాంకుకు నీడ కట్టించాలి.

బేసిన్ కింద మోకాళ్లు

బేసిన్ పడమర గోడకు, దక్షిణం మూల నుంచి 18 అంగుళాల దూరంలో. కుర్చీ పడమరకు తిరిగి సూటిగా దాని కిందికి పోతుంది.

అంచు ఎత్తు 32 అంగుళాల దగ్గర ఉంటే కూర్చున్నవారి మోచేతులకు సరిపోతుంది, 34 దాటితే నీళ్లు మోచేతుల మీదుగా చంకల్లోకి కారతాయి. కింద మోకాళ్లకు 27 అంగుళాలు ఖాళీ కావాలి. తీసివేత చేస్తే బేసిన్ గిన్నెకు ముందు వైపు మిగిలేది అయిదు అంగుళాలే. దుకాణాల్లో కనిపించే చాలా బేసిన్లు ఏడెనిమిది అంగుళాల లోతు, ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. మోకాళ్లు తగలకుండా బేసిన్ పైకి ఎత్తితే చేతులకు అందదు, చేతులకు దించితే మోకాళ్లు తగులుతాయి. కాబట్టి ముందు వైపు పల్చగా, నీళ్లు పోయే రంధ్రం వెనక్కి ఉండే బేసిన్ అడగండి. కింద స్తంభం ఉన్నది అసలే వద్దు. మీరు మొదట కొలిచిన మోకాలి ఎత్తుకు రెండు అంగుళాలు కలిపితే మీకు కావాల్సిన ఖాళీ వస్తుంది, అది 27 కన్నా ఎక్కువైతే మీ అంకెనే పట్టుకోండి.

ఈ ఖాళీ అంచు కిందే కాదు, అంచు నుంచి ఎనిమిది అంగుళాలు లోపలిదాకా ఉండాలి. ఆ తర్వాత కిందికి దిగినా పరవాలేదు, కాలివేళ్లకు నేల నుంచి తొమ్మిది అంగుళాలు వదిలితే చాలు. ట్రాప్ పైపు గోడకు దగ్గరగా పోవాలి. వేడినీళ్ల పైపు ఉంటే నురుగు తొడుగు వేయాలి, కారణం పైన చెప్పిందే. కుళాయి పిడి లివర్ రకం అయితే వేళ్లు ముడుచుకోనివారు కూడా మణికట్టుతో తోసి తిప్పగలరు.

రాడ్లు ఊడిపోకుండా

మనిషి పూర్తి బరువు వేసే రాడ్‌ను ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూతో బిగిస్తే పాత ఇటుక గోడల్లో అది ప్లాస్టరింగ్‌నే పట్టుకుని ఉంటుంది. ఆర్నెల్లు బాగానే కనిపిస్తుంది, ఒక రోజు పెచ్చుతో సహా ఊడి వస్తుంది. నాలుగున్నర అంగుళాల గోడ అయితే ఇవతలి నుంచి అవతలికి బోల్టు వేసి, అవతల ఇనుప పలక పెట్టి నట్టు బిగించాలి. టైల్ దగ్గర రాడ్ చుట్టూ వెంట్రుకంత పగులు కనిపించినా, పట్టుకున్నప్పుడు టక్కున చప్పుడు వచ్చినా ఆ రోజే వాడకం ఆపేయాలి. పూర్తయ్యాక మొదట ఇంట్లో అందరికన్నా బరువైన, కాళ్లు బాగున్న మనిషి రాడ్ పట్టుకుని వేలాడి చూడాలి. కుర్చీ మనిషి ఆ తర్వాతే.